వసూలు చేసింది 90,000, కొనుగోళ్ల మీద కట్టింది 72,000. మరి చలానా 31,500 ఎలా అయింది?

దీపాల_కొట్టు

జూలై నెల జీఎస్టీ లెక్క ఒకటి తేలడం లేదు, చూసి చెప్పండి. మాది నెలనెలా రిటర్న్ వేసే రెగ్యులర్ రిజిస్ట్రేషన్. సరుకంతా 18 శాతంలోదే. అమ్మకాలన్నీ రాష్ట్రం లోపలే.

పన్ను కలపకుండా అమ్మకం 5,00,000. దాని మీద కస్టమర్ల దగ్గర వసూలైన పన్ను 90,000.

కొనుగోలు బిల్లులు మూడు. పక్క రాష్ట్రం కంపెనీ నుంచి 2,00,000 సరుకు, పన్ను 36,000. ఇక్కడి పెద్ద హోల్‌సేల్ వాళ్ల దగ్గర 1,50,000 సరుకు, పన్ను 27,000. ఇంకో చిన్న హోల్‌సేలర్ దగ్గర 50,000 సరుకు, పన్ను 9,000. మొత్తం కట్టిన పన్ను 72,000.

90,000లోంచి 72,000 తీసేస్తే 18,000 కదా. రిటర్న్ వేసే కుర్రాడు మాత్రం 31,500కి చలానా తీయమంటున్నాడు. అడిగితే పోర్టల్ అలాగే చూపిస్తోంది అంటాడు. 13,500 తేడా ఎక్కడిది? 20వ తేదీ దగ్గర పడుతోంది.

మార్జిన్_మాస్టర్

మీ కుర్రాడిది తప్పు కాకపోవచ్చు. జూలైలో కొన్న సరుకంతా జూలైలోనే అమ్ముడైపోయిందా? స్టాకు మిగిలి ఉంటే దాని మీద కట్టిన పన్ను ఇప్పుడు తగ్గించుకోకూడదు, అమ్మిన నెలలోనే తగ్గించుకోవాలి. జీఎస్టీ అంటేనే మార్జిన్ మీద పన్ను కదా. ముందు క్లోజింగ్ స్టాకు చూసుకోండి.

పద్దు_పుస్తకం

మార్జిన్_మాస్టర్ గారూ, దీర్ఘకాలంలో చూస్తే పన్ను మార్జిన్ మీదే పడుతుంది, అది నిజమే. నెల లెక్క మాత్రం అలా ఉండదు. సరుకు చేతికి వచ్చి, బిల్లు ఉండి, మిగతా షరతులు కుదిరితే కొనుగోలు మీద క్రెడిట్ మొత్తం ఆ నెలలోనే తీసుకోవచ్చు. సరుకు అమ్ముడైందా, గోడౌన్‌లో ఉందా అని రిటర్న్‌లో ఎక్కడా అడగరు. అందుకే సీజన్‌కు ముందు స్టాకు నింపిన నెలలో చాలామందికి నగదు కట్టే పనే ఉండదు, స్టాకు ఖాళీ అయ్యే నెలలో చలానా పెద్దదవుతుంది. సరుకు పాడైనా, పోయినా, ఫ్రీ శాంపిల్‌గా ఇచ్చినా మాత్రం దాని మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. స్టాకుకూ క్రెడిట్‌కూ లంకె అక్కడే.

దీపాల_కొట్టు గారూ, రెండు విషయాలు చెప్పండి. సప్లయర్లు ఎక్కించిన బిల్లులను పోర్టల్ చూపించే పట్టిక, అంటే జూలై జీఎస్టీఆర్-2బిలో, ఆ మూడు బిల్లులూ ఉన్నాయా? మీ కుర్రాడు పన్ను కట్టే నెల రిటర్న్ 3బిలో పేమెంట్ పేజీ, అంటే 6.1 పట్టికలో, ఐజీఎస్టీ క్రెడిట్‌ను ఏ గడిలో ఎంత వేశాడు?

దీపాల_కొట్టు

2బి ఇప్పుడే తీసి చూశాను. కంపెనీ బిల్లు ఉంది, ఐజీఎస్టీ 36,000. పెద్ద హోల్‌సేల్ వాళ్లదీ ఉంది, సీజీఎస్టీ 13,500, ఎస్జీఎస్టీ 13,500. చిన్న హోల్‌సేలర్ బిల్లు లేదు. ఫోన్ చేస్తే "మాది మూడు నెలలకోసారి రిటర్న్ అండీ, అప్పుడు వస్తుంది" అన్నాడు.

6.1లో సీజీఎస్టీ వరుసలో ఐజీఎస్టీ క్రెడిట్ 36,000 మొత్తం వేసి ఉంది. ఎస్జీఎస్టీ వరుసలో సున్నా.

పద్దు_పుస్తకం

అదే అనుకున్నాను. మీ 13,500 తేడాలో రెండు కారణాలు కలిసిపోయాయి. విడదీస్తే 9,000 ఒకటి, 4,500 ఒకటి.

మొదటిది 9,000. చిన్న హోల్‌సేలర్ బిల్లు 2బిలో లేదు కాబట్టి ఈ నెల అది మీ క్రెడిట్ కాదు. ఆయన చెప్పిందీ నిజమే. మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్లకు మొదటి రెండు నెలల బిల్లులు తర్వాతి నెల 13వ తేదీలోపు ఎక్కించడానికి ఐఎఫ్ఎఫ్ అనే సదుపాయం ఉంది. అది తప్పనిసరి కాదు, ఆయన వాడలేదు. సెప్టెంబరు త్రైమాసికానికి అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1ను అక్టోబరు 13లోపు వేస్తే, 14న తయారయ్యే సెప్టెంబరు 2బిలో మీ బిల్లు కనిపిస్తుంది. అక్టోబరు 20లోపు వేసే 3బిలో ఆ 9,000 తీసుకుంటారు. కాబట్టి ఈ నెల వాడుకోగల క్రెడిట్ 63,000. కట్టాల్సిన నగదు 90,000 - 63,000 = 27,000.

రెండోది 4,500. పోర్టల్‌లో తీసివేత ఒకటే లెక్కగా జరగదు, మూడు డబ్బాల్లో విడివిడిగా జరుగుతుంది. మీరు వసూలు చేసిన 90,000లో సీజీఎస్టీ 45,000, ఎస్జీఎస్టీ 45,000. సీజీఎస్టీ క్రెడిట్‌ను ఎస్జీఎస్టీకి, ఎస్జీఎస్టీ క్రెడిట్‌ను సీజీఎస్టీకి వాడనివ్వరు. ఐజీఎస్టీ క్రెడిట్ ఒక్కటే రెండు వైపులా పోసుకోవచ్చు. ముందుగా దాన్ని పూర్తిగా ఖర్చు చేయాలి, ఆ తర్వాతే మిగతా రెండూ ముట్టుకోవాలి. అయితే ఎటు ఎంత పోయాలన్నది మీ ఇష్టం.

మీ కుర్రాడు పోసిన తీరు ఇది:

సీజీఎస్టీ: 45,000 - ఐజీఎస్టీ 36,000 = 9,000. దీనికి సొంత క్రెడిట్ 13,500 ఉంది, 9,000 వాడగా 4,500 మిగిలిపోయింది. నగదు సున్నా.
ఎస్జీఎస్టీ: 45,000 - సొంత క్రెడిట్ 13,500 = 31,500 నగదు.

ఒక వైపు 4,500 క్రెడిట్ పనిలేక కూర్చుంది, రెండో వైపు అదే 4,500 మీ జేబులోంచి పోతోంది. ఇప్పుడు ఐజీఎస్టీని చెరిసగం పోసి చూడండి:

సీజీఎస్టీ: 45,000 - 18,000 - 13,500 = 13,500 నగదు.
ఎస్జీఎస్టీ: 45,000 - 18,000 - 13,500 = 13,500 నగదు.

మొత్తం 27,000. చెరిసగమే కానక్కర్లేదు. మీ అంకెల్లో సీజీఎస్టీ వైపు 4,500 నుంచి 31,500 దాకా ఎంత పోసినా, మిగతాది ఎస్జీఎస్టీ వైపు పోస్తే మొత్తం 27,000 దగ్గరే ఆగుతుంది. ఆ హద్దు దాటితేనే ఏదో ఒక డబ్బాలో క్రెడిట్ మిగులుతుంది.

6.1లో పోర్టల్ నింపిన అంకెలు ఒక సూచన మాత్రమే, ఆ గడులు దిద్దుకోవచ్చు. కానీ ఫైల్ చేశాక 3బిని మళ్లీ తెరవడం కుదరదు, దిద్దేదేదో ఇప్పుడే దిద్దండి.

పాత_బిల్లు

2బిలో లేకపోతే క్రెడిట్ లేదనడం మరీ విడ్డూరం. చేతిలో బిల్లు ఉంది, సరుకు వచ్చింది, డబ్బు కట్టాం. చట్టం అడిగేది అదే. పైగా కనిపించిన క్రెడిట్ మీద పది శాతం అదనంగా తీసుకోవచ్చని రూలే ఉంది. 63,000కి పది శాతం 6,300. కాబట్టి ఆ 9,000లో కనీసం 6,300 ఈ నెలే తీసుకోండి.

పద్దు_పుస్తకం

ఆ రూలు ఉండేది, ఇప్పుడు లేదు. 2019 అక్టోబరులో అది 20 శాతంతో మొదలైంది, 2020 జనవరి నుంచి 10, 2021 జనవరి నుంచి 5 శాతం అయింది. 2022 జనవరి 1 నుంచి పూర్తిగా తీసేశారు. అదే రోజు నుంచి, సప్లయర్ బిల్లు ఎక్కించి అది మీ 2బిలో కనిపించి ఉండాలన్నది కూడా 16వ సెక్షన్‌లో షరతుగా చేరింది. బిల్లు, సరుకు రెండూ ఇప్పటికీ తప్పనిసరే, కానీ అవి మాత్రమే చాలవు.

తీసుకుంటే ఏమవుతుందో కూడా చూద్దాం. 9,000 ముందే తీసుకుని వాడేశారనుకోండి. వాడిన రోజు నుంచి సరిచేసిన రోజు దాకా ఏడాదికి 18 శాతం వడ్డీ. ఆగస్టు 20 నుంచి అక్టోబరు 20 దాకా 61 రోజులకు 271 రూపాయలు. డబ్బు పరంగా ఇది చిన్నదే. అసలు తలనొప్పి వేరే. 3బిలో తీసుకున్నదానికీ 2బిలో ఉన్నదానికీ తేడా నిర్ణీత పరిమితి దాటితే DRC-01C అనే నోటీసు వస్తుంది, 7 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే తర్వాతి జీఎస్టీఆర్-1 వేయనివ్వదు. మీరు జీఎస్టీఆర్-1 వేయకపోతే మీ దగ్గర కొన్న వ్యాపారుల 2బిలో మీ బిల్లులు కనపడవు, అక్కడి నుంచి వాళ్ల ఫోన్లు మొదలు.

పాత_బిల్లు

సరే, 2022 మార్పు నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ సప్లయర్ తప్పుకు కొన్నవాడిని శిక్షించడం న్యాయమేనా అన్న నా ప్రశ్న అలాగే ఉంది.

పద్దు_పుస్తకం

దాని మీద హైకోర్టుల తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. నేను చెప్పింది రిటర్న్ ఎలా వేయాలన్నది మాత్రమే, న్యాయం సంగతి కాదు.

చిల్లర_కౌంటర్

మధ్యలో ఒక మాట. మా లెక్క ఎప్పుడూ దీనికంటే పెద్దదొస్తుంది. మేం ఎంఆర్‌పీ మీద అమ్ముతాం, పన్ను విడిగా వసూలు చేయం. నెల కౌంటర్ కలెక్షన్ 5,90,000 అనుకోండి, దాని మీద 18 శాతం 1,06,200 వేసుకుని అందులోంచి ఇన్‌పుట్ తీసేస్తున్నాం. ఇది సరైనదేనా?

తూనిక_రాయి

కాదు, పన్ను మీద పన్ను కడుతున్నారు. 5,90,000లో పన్ను ఇప్పటికే కలిసి ఉంది. 118 రూపాయల్లో 18 పన్ను, కాబట్టి:

```
590000 × 18 / 118 = 90000
```

మీరు 16,200 ఎక్కువ వేస్తున్నారు. రెండు రేట్ల సరుకు కౌంటర్ మీద కలిసి అమ్ముడవుతుంటే ముందు రేటువారీగా కలెక్షన్ విడగొట్టాలి, 5 శాతం సరుకుకు 5/105 వేయాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ధరను "పన్ను కలిపి" అని పెట్టారో "పన్ను కాకుండా" అని పెట్టారో చూడండి. ఈ తప్పు ఎక్కువగా అక్కడే పుడుతుంది.

ఒకశాతం_వాడు

నాది కాంపోజిషన్. టర్నోవర్ మీద ఒక శాతం కడుతున్నా. పైన చెప్పిన పద్ధతిలో నేను కూడా కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తగ్గించుకోవచ్చా? కొన్న ప్రతి బిల్లులో 18 శాతం పోతోంది, ఏడుపొస్తోంది.

తూనిక_రాయి

తగ్గించుకోలేరు. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, కొనుగోళ్ల మీద క్రెడిట్ తీసుకోకూడదు. ఈ చర్చలోని తీసివేత మీకు వర్తించనే వర్తించదు. కానీ ఏడవడానికి ముందు ఒకసారి లెక్క వేసుకోండి. దీపాల_కొట్టు గారి అంకెలే తీసుకుందాం. కొన్న సరుకు ఆ నెలలోనే పూర్తిగా అమ్ముడైందనీ, కస్టమర్ ఇచ్చేది ఎలాగైనా 5,90,000 అనీ అనుకుందాం.

రెగ్యులర్‌లో అమ్మకం 5,00,000, కొనుగోలు 4,00,000, చేతిలో మిగిలేది 1,00,000.

కాంపోజిషన్‌లో వచ్చింది 5,90,000. కొనుగోలుకు పన్నుతో కలిపి పోయింది 4,72,000. ఒక శాతం పన్ను 5,900. మిగిలేది 1,12,100.

అంటే ఈ కేసులో కాంపోజిషనే 12,100 ఎక్కువ మిగులుస్తుంది. ఎందుకంటే రెగ్యులర్ వాడు లక్ష మార్జిన్ మీద 18,000 కడుతుంటే మీరు 5,900తో తప్పించుకుంటున్నారు. ఇది కొనేవాళ్లు ఇళ్ల వాళ్లయితేనే. మీ కస్టమర్ జీఎస్టీ ఉన్న కాంట్రాక్టరో వ్యాపారో అయితే మీ బిల్లు మీద వాళ్లకు క్రెడిట్ రాదు, అదే 5,90,000 మీ దగ్గర ఎందుకు పెడతారు? పక్క రాష్ట్రానికి అమ్మడమూ కుదరదు. మార్జిన్ మరీ పల్చగా ఉండే సరుకైతే లెక్క తిరగబడుతుంది, మీ అంకెలతో వేసి చూసుకోండి.

లారీ_రసీదు

దీపాల_కొట్టు గారూ, పక్క రాష్ట్రం నుంచి సరుకు ట్రాన్స్‌పోర్టులో వచ్చి ఉంటుంది. కిరాయి మీరే ఇచ్చారా? రసీదు ఇచ్చే ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ తాను పన్ను వేయకపోతే, దాని మీద 5 శాతం రివర్స్ చార్జ్ కింద మీరే కట్టాలి. చాలామంది చిన్న వ్యాపారుల లెక్కలో ఇది ఉండనే ఉండదు.

దీపాల_కొట్టు

నేనే ఇచ్చాను, 10,000. లారీ రసీదు ఉంది, అందులో పన్ను వేయలేదు. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లది కూడా ఆ రాష్ట్రమే. అంటే 27,000 మీద ఇంకో 500 పెరుగుతుందా?

లారీ_రసీదు

మొత్తం పెరగదు. ఐజీఎస్టీ 500 రివర్స్ చార్జ్ గడిలో చూపించాలి. దాన్ని లెడ్జర్‌లో ఎంత క్రెడిట్ ఉన్నా నగదుతోనే కట్టాలి, అక్కడ క్రెడిట్ వాడనివ్వరు. కట్టిన ఆ 500ను అదే 3బిలో క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అప్పుడు మీ ఐజీఎస్టీ క్రెడిట్ 36,500, మొత్తం క్రెడిట్ 63,500 అవుతుంది. మామూలు పన్ను నగదు 26,500, రివర్స్ చార్జ్ నగదు 500, కలిపి మళ్లీ అదే 27,000. చలానాలో మాత్రం ఐజీఎస్టీ తల కింద 500 విడిగా వేయండి. మొత్తం 27,000నూ సీజీఎస్టీ, ఎస్జీఎస్టీల కింద వేసేస్తే ఆ 500 దగ్గర ఫైలింగ్ ఆగుతుంది.

రసీదు ఇవ్వని చిన్న ఆటో, టెంపో కిరాయికి ఇదేమీ లేదు.

మార్జిన్_మాస్టర్

స్టాకు సంగతి నేను చెప్పింది తప్పే. కానీ ఆ చిన్న హోల్‌సేలర్ విషయంలో ఒకటి చెబుతా. అతనికి ఇవ్వాల్సిన 59,000లో 50,000 ఇచ్చి, పన్ను 9,000 ఆపేయండి. 2బిలో కనిపించాక ఇవ్వండి. ఐఎఫ్ఎఫ్ తనంతట తనే గుర్తొస్తుంది.

తూనిక_రాయి

చెప్పడం తేలికే. అప్పు మీద సరుకిచ్చే హోల్‌సేలర్ దగ్గర 9,000 ఆపితే తర్వాతి లోడు ఆగుతుంది. పైగా అతను చట్టప్రకారం తప్పేమీ చేయలేదు, మూడు నెలల రిటర్న్ అతని హక్కు. ఆర్డర్ పెట్టేటప్పుడే "బిల్లు ఐఎఫ్ఎఫ్‌లో ఎక్కిస్తేనే కొంటాం" అని చెప్పుకోవడం మేలు.

పద్దు_పుస్తకం

ఇద్దరి మాటలోనూ అర్థం ఉంది. ఆపేవాళ్లకు ఒక్క హెచ్చరిక, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోపు సప్లయర్‌కు డబ్బు ఇవ్వకపోతే, ఇవ్వని మేరకు తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి వేయాలి. డబ్బిచ్చాక తిరిగి తీసుకోవచ్చు. కాబట్టి ఆపినా మూడు నెలల రిటర్న్ దాకానే, మరచిపోయేంత కాలం కాదు.

ఇంకొకటి, 2బిలో కనిపించడంతో కథ అయిపోలేదు. సప్లయర్ జీఎస్టీఆర్-1లో బిల్లు ఎక్కించి, 3బి వేసి పన్ను కట్టకుండా కూర్చుంటే, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబరు 30 దాకా చూస్తారు. అప్పటికీ వేయకపోతే నవంబరు 30లోపు మీరు క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. అతను తర్వాత వేస్తే మళ్లీ తీసుకుంటారు. పోర్టల్‌లో జీఎస్టీ నంబరు కొట్టి వెతికితే ఎవరు ఏ నెల 3బి వేశారో కనిపిస్తుంది. కొత్త సప్లయర్ అయితే ఒకసారి చూడండి.

మార్జిన్_మాస్టర్

చూసి? వేయనివాడి దగ్గరే సరుకు చవగ్గా దొరుకుతుంది. అదీ అసలు బాధ.

తూనిక_రాయి

50,000 సరుకు మీద వాడు 2,000 తగ్గించి, మీకు 9,000 క్రెడిట్ పోతే అది చవక ఎలా అవుతుంది?

దీపాల_కొట్టు

కుర్రాడిని పక్కన కూర్చోబెట్టి దిద్దించాను. రివర్స్ చార్జ్ 500 వేశాం. ఐజీఎస్టీ క్రెడిట్ 36,500ను చెరి 18,250గా పోశాం. సీజీఎస్టీకి నగదు 13,250, ఎస్జీఎస్టీకి 13,250, ఐజీఎస్టీ 500. చలానా 27,000. క్రెడిట్ లెడ్జర్‌లో మూడు డబ్బాలూ సున్నా చూపిస్తున్నాయి. ఇంకా ఫైల్ నొక్కలేదు.

ఒక్క సందేహం. ఆ 9,000ను పుస్తకాల్లో ఇప్పుడు ఎక్కడ రాసుకోవాలి? సరుకు ధరలో కలిపేయమంటున్నాడు కుర్రాడు.

పద్దు_పుస్తకం

కలపొద్దు. కలిపితే సెప్టెంబరులో క్రెడిట్ వచ్చినప్పుడు స్టాకు విలువ మళ్లీ దిద్దాలి, ఎవరూ దిద్దరు. "2బిలో రావలసిన క్రెడిట్" అని విడిగా ఒక ఖాతా తెరిచి సప్లయర్ పేరు, బిల్లు నంబరు, తేదీతో 9,000 అందులో రాయండి. 2బిలో వచ్చిన నెల అందులోంచి క్రెడిట్ ఖాతాకు మార్చండి. ప్రతి నెల 14వ తేదీ దాటాక ఆ ఖాతా ఒకసారి తిరగేస్తే చాలు. ఈ ఆర్థిక సంవత్సరం బిల్లులకు గడువు వచ్చే ఏడాది నవంబరు 30, ఆలోపే వార్షిక రిటర్న్ వేస్తే ఆ రోజే. అది దాటితే ఆ ఖాతాలో మిగిలింది నష్టమే.

పాత_బిల్లు

నా దగ్గర అలాంటి బిల్లులు నాలుగున్నాయి, పోయిన ఆర్థిక సంవత్సరానివి. సప్లయర్ ఇప్పుడు షాపు మూసేశాడు. వాటి సంగతి ఏమిటి?

పద్దు_పుస్తకం

మూయకముందు జీఎస్టీఆర్-1 వేశాడా లేదా అన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ బిల్లుల నెలలకు మీ పాత 2బిలు దింపి చూడండి, కొన్నిసార్లు నెల అటూఇటూగా వచ్చి ఎవరూ గమనించకుండా ఉండిపోతాయి. ఎక్కడా లేకపోతే పోర్టల్‌లో దారి కనపడదు. బిల్లు తేదీలు, మొత్తాలు ఇక్కడ పెట్టండి, చూద్దాం.